వంద పౌండ్ల బోనస్‌కు నలభై పౌండ్ల ఖర్చు

ఏలూరు నుంచి వెళ్లి ఇంగ్లండులోని లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్న కుర్రాడతను. వయసు 23. వారాంతాల్లో వేర్‌హౌస్‌లో పని, గంటకు 12.21 పౌండ్లు. 2025 వేసవిలో ఓ సాయంత్రం ఖమ్మం రూమ్మేట్ ఫోన్ ముందుకు చాపాడు. "మామా, వంద పెడితే ఇంకో వంద వాడే ఇస్తాడంట. రెండొందలతో ఆడి, గెలిస్తే తీసుకుని వచ్చేయడమే."

ఆన్‌లైన్ క్యాసినోలు కొత్తవాళ్లకిచ్చే వెల్‌కమ్ బోనస్ అది. బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న కంపెనీయే, దొంగ వ్యాపారం కాదు. ప్రకటన కింద సన్నక్షరాల్లో ఒక వరుస: వేజరింగ్ 35x. రూమ్మేట్ దాన్ని చూడనే లేదు. ఏలూరు కుర్రాడు దాని దగ్గరే ఆగాడు.

ఆ 35x మాటకు అర్థం ఇది. బోనస్‌గా వచ్చిన డబ్బును, దానితో గెలిచిన డబ్బును బ్యాంకు ఖాతాలోకి మార్చుకోవాలంటే ముందుగా బోనస్‌కు 35 రెట్లు పందెం కాసి ఉండాలి. వంద పౌండ్ల బోనస్‌కు 3,500 పౌండ్ల పందేలు. అంత డబ్బు జేబులోంచి తీయాలని కాదు. రెండు పౌండ్లు కాశాడు, ఒకటిన్నర తిరిగొచ్చింది, దాన్ని మళ్లీ కాశాడు. ఇలా ఆ వందలే తిరిగి తిరిగి పందెంలోకి వెళుతుంటాయి. ప్రతి పందెమూ మీటరులో పడుతుంది. ఖాతా పేజీలో ఓ పచ్చగీత కొంచెం కొంచెంగా కుడివైపు జరుగుతూ ఉంటుంది. అది చివరిదాకా వెళ్లేసరికి డబ్బు మిగిలితే అదృష్టం.

తిరిగిన ప్రతిసారీ కంపెనీ కోత ఉంటుంది కాబట్టి అసలు ఖర్చంతా ఈ తిరగడంలోనే ఉంది. స్లాట్ ఆట సమాచారం పేజీలో ఆర్‌టీపీ 96 శాతం అని ఉందంటే, ఎక్కువ కాలం మీద సగటున వంద పౌండ్ల పందేలకు 96 వెనక్కి వస్తాయని. కోత నాలుగు. కుర్రాడు ఎక్సెల్ కూడా తెరవలేదు, రెస్టారెంటు బిల్లు వెనకాల రాశాడు:

3,500 × 4% = 140

చేతిలో మొదట రెండొందలు: తనది వంద, వాళ్లది వంద. సగటున 140 పోతే మిగిలేది 60. అంటే తను పెట్టిన వందలో నలభై పోయాయి. ఊరికే వచ్చిందనుకున్న బోనస్ ఖరీదు, వేర్‌హౌస్‌లో మూడు గంటలకు పైగా అట్టపెట్టెలు మోసిన కూలి. బోనస్ వద్దని తన వందనే ఒక్కసారి పందెం కాసి ఆపేస్తే పోయేది సగటున నాలుగు పౌండ్లే. ఆడటం సరదా అనుకునేవాడికి కూడా ఆ సరదా బోనస్ లేకుండానే చౌక.

దీన్నుంచి నోటిలెక్క ఒకటి తేలుతుంది. రెట్లను కోత శాతంతో గుణించాలి. 35ను 4తో గుణిస్తే 140. అది వంద దాటిందంటే బోనస్ కంటే దాన్ని విడిపించుకోవడానికయ్యే ఖర్చే ఎక్కువ.

రూమ్మేట్ ఊరుకోలేదు. "అయితే బ్లాక్‌జాక్ ఆడదాం మామా, అందులో కోత అర శాతమే కదా." తెలివైన ప్రశ్నే. పద్ధతిగా ఆడితే కోత ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. కానీ ఈ ఆలోచన అందరికంటే ముందు కంపెనీకే వచ్చింది. నిబంధనల్లో ఆటల పట్టిక ఒకటి ఉంది: స్లాట్లకు 100 శాతం, బ్లాక్‌జాక్‌కు 10 శాతం. బ్లాక్‌జాక్‌లో పది పౌండ్లు కాస్తే మీటరు ఒక్క పౌండు జరుగుతుందన్నమాట. 3,500 కాస్తా 35,000 అయింది. దాని మీద అర శాతం 175. స్లాట్ కంటే ఇంకో 35 ఎక్కువే.

ఇంకోచోట ఒక్క పదంతో లెక్క మారిపోతుంది. 35 రెట్లు అన్నది బోనస్ మీదా, డిపాజిట్, బోనస్ కలిపినదాని మీదా? రెండోదైతే రెండొందలకు 35 రెట్లు, ఏడు వేలు. సగటు కోత 280. బల్ల మీద ఉన్నవే రెండొందలు, అందులోంచి 280 పోవడమేమిటి? ఆ అంకెను అక్షరాలా తీసుకోకూడదు. మీటరు నిండేలోపే చాలామంది డబ్బు అయిపోతుందని దానర్థం. నిజానికి 140 కూడా కొంత ఎక్కువ అంచనాయే. మధ్యలో జీరో అయినవాడు మిగతా పందేలు కాయడు కాబట్టి ఆ మేరకు కోతా పడదు. ఎక్కువమంది సున్నాకు దగ్గరగా ముగిస్తారు, ఎక్కడో ఒకరికి నాలుగైదు వందలు తగులుతాయి. మిగిలే అరవై అన్నది వీళ్లందరినీ కలిపి వేసిన సగటు అంచనా. ఆ అరవైతో బయటికొచ్చే మనిషి ఎదురుపడటం అరుదు.

ఆ వేసవిలో ఇద్దరూ డబ్బు పెట్టలేదు.

తర్వాత బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ రూలు మార్చింది. 2026 జనవరి 19 నుంచి అక్కడ లైసెన్సున్న ఏ కంపెనీ కూడా బోనస్‌కు పది రెట్లకు మించి వేజరింగ్ పెట్టకూడదు. రూమ్మేట్ మళ్లీ ఫోన్ పట్టుకొచ్చాడు. ఈసారి పదిని నాలుగుతో గుణిస్తే నలభై. వంద బోనస్‌లో సగటున అరవై మిగులు. కాగితం మీద ఇది లాభమే, ఆ మాట ఒప్పుకోవాలి.

కుర్రాడు ఆటలోకి వెళ్లి సమాచారం గుర్తు నొక్కాడు. ఆర్‌టీపీ 92 అని ఉంది. ఒకే స్లాట్‌ను తయారీదారులు రెండు మూడు ఆర్‌టీపీలతో ఇస్తుంటారు, ఏది పెట్టుకోవాలన్నది క్యాసినో ఇష్టం. పేరూ బొమ్మలూ ఒకటే కాబట్టి తెరిచి చూస్తే తప్ప తేడా తెలియదు. కోత ఎనిమిది, ఖర్చు 80, మిగులు 20. ఇంకాస్త కిందికి చదివితే, బోనస్ నుంచి తీసుకోగలిగేది మహా అయితే వంద పౌండ్లేనని ఉంది. ఎక్కడో ఒకరికి తగిలే నాలుగైదు వందలే సగటును పైకి లేపుతాయి కదా, వాటినే వంద దగ్గర కత్తిరిస్తే ఆ ఇరవై కూడా నిలవదు. పాతికేళ్లలోపు వాళ్లు స్లాట్‌లో ఒక్కసారికి రెండు పౌండ్లకు మించి కాయకూడదని 2025 మే నుంచి రూలుంది. వెయ్యి పౌండ్ల పందేలు పూర్తి చేయాలంటే కనీసం అయిదొందల సార్లు నొక్కాలి. అతను ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

ఈ లెక్క విన్న, ఏలూరులో ఉన్న అతని తమ్ముడు టెలిగ్రామ్‌లో వచ్చిన ఓ ప్రకటన పంపాడు. 5,000 రూపాయలు వేస్తే 300 శాతం బోనస్, డిపాజిట్‌తో కలిపి 40 రెట్లు. మొత్తం 20,000, పందేలు ఎనిమిది లక్షలు, నాలుగు శాతం చొప్పున కోత 32,000. బ్రిటన్ పది రెట్ల రూలు దీనికి వర్తించదు. పైగా ఇక్కడ ఆ ఆటే నిషేధం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు వాటిని దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. "మీటరు నింపినా డబ్బు ఇవ్వకపోతే ఎవరికి చెప్పుకోవాలన్నయ్యా?" అని తమ్ముడు అడిగాడు. చెప్పుకోవడానికి అక్కడ ఎవరూ లేరని అన్న జవాబు పెట్టాడు.