పేరు తీసేస్తే చాలదు

మేమిద్దరం గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు పాఠాలు చెబుతుంటాం. జరిగిన సంగతి అయితే మనసుకు పడుతుందని, ఒకసారి కట్లపాము కరిచిన యువకుని గురించి చెప్పాం. పేరు, ఊరు చెప్పలేదు. కాని ఆ వారం వారింట జరగవలసిన ఒక వేడుకను ప్రస్తావించాం. అదేమిటో ఇక్కడ కూడా రాయం. వెంటనే వెనుక వరుసలోని ఒకామె, "ఫలానా వాళ్ల అబ్బాయే గదా!" అన్నది. మంత్రగాని దగ్గర రెండు గంటలు పోయిన సంగతి సాయంత్రానికి ఊరంతా పాకింది. తప్పంతా తల్లిదే అన్నారు.

మరునాడు ఆమె ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాం. "చెప్పొద్దని అననండి. ఇంకో తల్లికి పనికొస్తుందంటే చెప్పండి. మేమేనని తెలియకుండా చెప్పండి" అన్నది. మొదటే అడగవలసిన అనుమతి అది.

ఆ రాత్రి పాఠాన్ని తిరిగి రాశాం. ముందుగా, విన్నవారికి ఏమి గుర్తుండాలో రాసుకొన్నాం. ఆపైన ఒక్కొక్క వివరాన్ని పట్టుకొని, "ఇది లేకపోతే పాఠం చెడుతుందా?" అని అడుక్కొన్నాం. వేడుక, కులం, తండ్రి వృత్తి లేకపోయినా చెడదు, తీసేశాం. వయస్సు "ఇరవై దాటిన" అన్నాం. నేలమీద పడుకోవడం, గంటలు, లక్షణాలు మాత్రం మార్చలేదు. అవి మారితే పాఠమే అబద్ధమవుతుంది.

మొదటిసారి, "కట్లపాము కరిచింది" అంటూ మొదలుపెట్టడం మా రెండో పొరపాటు. జవాబు ముందే తెలిసినవారికి ఆ తల్లి అజ్ఞానం తప్ప ఏమీ కనబడదు. ఈసారి ఆమెకు తెలిసిన వరుసలోనే చెప్పాం. నేలమీద పడుకొన్నవాడు రాత్రి 3 గంటలకు కడుపునొప్పితో లేచాడు, వాంతి అయింది. వాపు లేదు, కాటు కనబడలేదు. ఇక్కడ ఆగి, "మీరైతే ఏమనుకొంటారు?" అని అడిగాం. అందరూ అజీర్ణమే అన్నారు. 6 గంటలకు కనురెప్పలు వాలాయి, మాట ముద్దయింది. మళ్లీ ఆగాం. ఈసారి గది నిశ్శబ్దమైంది. 9 గంటలకు ఆసుపత్రి చేరాడు. విషానికి విరుగుడు మందు ఎక్కించి, యంత్రంతో శ్వాస అందించగా బ్రతికాడు.

చివర మూడే మాటలు చెప్పాం. నేలమీద పడుకొన్నవారికి రాత్రి కారణం తెలియని కడుపునొప్పి వస్తే, కాటు కనబడకపోయినా కట్లపామును అనుమానించాలి. రెప్పలు వాలితే తరువాత శ్వాస ఆగవచ్చు. కట్టు బిగించడం, కోయడం, మంత్రం వద్దు. కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

తరగతిలో చెప్పేముందు ఆ ప్రాంతపు నర్సమ్మకొకరికి చదివి వినిపించి, "ఎవరో చెప్పగలరా?" అని అడిగాం. ఆమె చాలాసేపు ఆలోచించి, "ఎవరైనా కావచ్చు" అన్నది. అప్పుడే ఆ కాగితాన్ని తరగతికి తీసుకువెళ్లాం.