పని మానినవాళ్ల దగ్గర మిగిలిపోయే తాళంచెవి

మేము బడిలో చదివింది తమిళం, ఈ తెలుగు ఇంట్లో మాట్లాడే తెలుగు, అట్లే చదువుకోండి. మనవాళ్లలో చానామంది తిరుప్పూరు చుట్టుపక్కల చిన్న చిన్న ఆఫీసులు నడుపుతున్నారు. దీపావళి బోనసు చేతికొచ్చినాక పిల్లకాయలు పని మారడం మన వూళ్లల్లో కొత్త కాదు. మనిషి పోతాడు సరే, ఆఫీసు ఫైళ్లు చూసే దారి వాని ఫోనులో నిలిచిపోతుంది. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాం.

రైల్వేలో అట్ట టికెట్ల కాలంలో బుకింగ్ ఆఫీసులో ఒకరు దిగి ఇంకొకరు ఎక్కేటప్పుడు, ఏ వూరి టికెట్టు ఏ నంబరులో నిలిచిందో రాసి, డబ్బు లెక్కబెట్టి, తాళంచెవి చేతికిచ్చి సంతకం పెట్టేవాళ్లం. దాన్ని చార్జి ఇయ్యడం అనేవాళ్లం. కంప్యూటరు ఫోల్డరుకూ అదే పద్ధతి కావాల.

మా తమ్ముని కొడుకు నిట్టింగ్ జాబ్ వర్క్ చేస్తాడు. ఆఫీసులో ఐదుగురు. పార్టీల రేట్లు, బిల్లులు, పనివాళ్ల ఆధార్ నకళ్లు, బ్యాంకు పాసుబుక్కు ఫోటోలు అన్నీ గూగుల్ డ్రైవ్‌లో ఒకే ఫోల్డరులో పెట్టుకున్నారు. లెక్కలు చూసే పిల్లవాడు మానిపోయినప్పుడు ఆ ఫోల్డరులోంచి వాని పేరు తీసేశారు. అయినా ఒక రాత్రి రేట్ల షీటు తెరిస్తే పైన మూలలో పేరు లేని మృగం బొమ్మ ఒకటి కనిపించింది. "పెద్నాయనా, ఇదెవురు?" అని వాడు మమ్మల్ని అడిగాడు.

ఆ బొమ్మ వస్తే, పేరు చేర్చని ఎవరో లింకు పట్టుకొని ఆ షీటు చూస్తున్నారని అర్థం. ఎవరని అది చెప్పదు, కాబట్టి మానిపోయినవాని మీద నేరం మోపకూడదు. లింకు ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందో ఎవరికి తెలుసు? ఆ షీటులో Share నొక్కి చూస్తే, కింద General access అనే చోట Anyone with the link అని ఉంది. అట్లున్నప్పుడు జాబితాలో పేరు తీసినా లాభం లేదు, లింకు ఉన్నవాడు లోపలికి వస్తూనే ఉంటాడు. దాన్ని Restricted అని మార్చాల. ఫోల్డరుకు మార్చితే చాలదు. లోపల ఏదైనా ఫైలును విడిగా లింకుతో తెరిచి ఉంటే, దానిది దానికే నిలుస్తుంది. రేట్ల షీటు అట్లే ఒక ఏజెంటు కోసం విడిగా తెరిచింది. పరీక్ష సులభం: లింకును బ్రౌజరు ఇన్‌కాగ్నిటో కిటికీలో, లాగిన్ కాకుండా తెరవండి. తెరుచుకుంటే లోకానికంతా తెరిచినట్లే.

రెండో చిక్కు ఇంకా లోతు. ఫైలు ఎవరి ఖాతాలో పుట్టిందో వాళ్లే దాని ఓనరు. మన ఫోల్డరులో ఉందంటే మనదయిపోదు. ఆ పిల్లవాడు తన సొంత జీమెయిల్‌తో చేసిన బిల్లుల షీట్లు తొమ్మిది, వాని పేరు తీసేసినాక కూడా వానివే. వాడు చూడొచ్చు, మార్చొచ్చు, కోపమొస్తే చెరిపేయనూ వచ్చు. వాని దగ్గర ఏవేవి ఉన్నాయో తెలుసుకోడానికి డ్రైవ్ వెతికే పెట్టెలో ఇట్లా ఒక్కొక్కటే టైపు చేయండి, చిరునామా మాత్రం వానిది పెట్టండి:

```
owner:peru@gmail.com
owner:me to:peru@gmail.com
```

మొదటి వరుస వాడు ఓనరుగా ఉన్నవి చూపిస్తుంది. రెండోది మన ఖాతాలోనివి వానికి ఏవి ఇచ్చామో చూపిస్తుంది. ఫోల్డరులో పేరు తీసినా, విడిగా ఇచ్చిన ఫైళ్లు ఈ రెండో వెతుకులాటలో బయటపడతాయి. ఒక్కొక్కదాన్ని తెరిచి పేరు తీసేయాల.

వాడు ఓనరుగా ఉన్నవాటికి దారి రెండే. వాడు పని మానే ముందే, తన ఖాతాలోంచి ఓనరు హక్కును ఆఫీసు ఖాతాకు మార్చమని అడగాల. వాడు పంపితే మన వైపు ఒప్పుకోవాల, అప్పుడే మారుతుంది. వాడు పోయినాక అయితే, ఫైలు తెరిచి Make a copy నొక్కి ఆఫీసు ఖాతాలో నకలు చేసుకోవాల. నకలుకు మనమే ఓనరు, ఆ తర్వాత వాడు తనది చెరిపినా మనకు నష్టం లేదు. మా పిల్లవాడు తొమ్మిదింటికీ నకలు చేసుకున్నాడు.

ఈ తలనొప్పి మళ్లీ రాకుండా మేము ఏర్పాటు మార్చాం. ముందు ఆఫీసుకని ఒక సొంత ఖాతా. దాని రికవరీ ఫోను నంబరు యజమానిది, గుమాస్తాది కాదు. ఫోల్డర్లు మనుషుల పేర్లతో కాకుండా పని పేర్లతో నాలుగు: రేట్లు, బిల్లులు, డిస్పాచ్, పనివాళ్ల కాగితాలు. నాలుగూ పక్కపక్కన, ఒకదాని లోపల ఒకటి కాదు. ఎందుకంటే పై ఫోల్డరుకు ఇచ్చిన అనుమతి లోపలి వాటికీ దిగుతుంది. పనివాళ్ల కాగితాలు బిల్లుల లోపల పెడితే బిల్లులు చూసేవాడు ఆధార్ నకళ్లూ చూస్తాడు.

తర్వాత గూగుల్ గ్రూప్స్‌లో పనికొక గ్రూపు చేశాం. బిల్లుల ఫోల్డరును మనిషికి కాదు, బిల్లుల గ్రూపు చిరునామాకు షేర్ చేశాం. కొత్తవాడు వస్తే గ్రూపులో చేర్చడం, పోతే తీయడం, అంతే. ఆ గ్రూపులో ఎవరంతట వాళ్లు చేరిపోకుండా, పిలిచినవాళ్లే చేరేట్టు పెట్టాల. షేర్ కిటికీలోని గేర్ గుర్తు నొక్కి, ఎడిటర్లు తామే ఇంకొకరికి అనుమతి ఇచ్చే వీలు కూడా తీసేయాల. లేకపోతే ఎడిటరు తన ఇంకో జీమెయిల్‌ను తానే చేర్చుకోగలడు.

పని మానే చివరి రోజు చార్జి వరుస ఇది. ముందు ఓనరు హక్కులు మార్పించుకోవాల, ఆ తర్వాతే గ్రూపులోంచి పేరు తీయాల. వరుస తిరగబడితే వాని సహాయం మళ్లీ బతిమాలి అడగాల్సొస్తుంది. తర్వాత పైన చెప్పిన రెండు వెతుకులాటలు. ఆఫీసు ఖాతా పాస్‌వర్డు వానికి తెలిసుంటే అది మార్చి, ఖాతాలోని Your devices చూసి, వాని ఫోను అక్కడుంటే సైన్ అవుట్ చేయాల. కడపట వాని ఎదురుగానే వాని ఫోనులో ఒక ఫైలు తెరిపించండి. You need access అని వస్తే చార్జి ముగిసింది. గ్రూపు మార్పు పట్టడానికి కొంచెం సేపు అవ్వొచ్చు, కాసేపాగి చూడండి. వాని ఎదురుగా చేస్తే వానికీ మంచిదే. రేపు ఏదైనా బయటికి పొక్కితే, ఆ రోజు నుంచి వాని చేతిలో ఏమీ లేదని ఇద్దరికీ సాక్ష్యం.

ఒకటి మాత్రం ఏ ఏర్పాటుకూ చిక్కదు. ముందే డౌన్‌లోడ్ చేసుకున్నదీ, స్క్రీన్ ఫోటో తీసుకున్నదీ వెనక్కి రాదు. అందుకే రేట్ల గ్రూపులో ఇప్పుడు ఇద్దరే ఉన్నారు, పనివాళ్ల కాగితాల గ్రూపులో యజమానితో ఇంకొకరు మాత్రమే. మన సంగం ఫోల్డరులో కూడా సభ్యుల ఆధార్ నకళ్లు, స్కాలర్‌షిప్పు అర్జీలు ఉన్నాయి. పాత కమిటీవాళ్ల పేర్లు అందులో ఎన్ని నిలిచి ఉన్నాయో వచ్చే కూటానికి ముందు కార్యదర్శి గారు ఆ రెండు వరుసలూ టైపు చేసి చూస్తే బాగుంటుంది. కూర్చొని చూడటానికి మేమూ వస్తాం.