తెల్లవారితే గురువారం

మన పెళ్ళి శుభలేఖల్లో తరుచు ఒక మాట కనబడుతుంది. "బుధవారం రాత్రి నాలుగు గంటలకు, తెల్లవారితే గురువారం" అని ముహూర్తం వేస్తారు. మన పంచాంగానికి వారం సూర్యోదయంతో మొదలై మరునాటి సూర్యోదయంతో ముగుస్తుంది. కాబట్టి తెల్లవారుజామున నాలుగు గంటలంటే మన పెద్దలకు అది ఇంకా బుధవారమే. గోడమీది కాలెండరు సంగతి వేరు. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే దానికి గురువారం వచ్చేస్తుంది. రెండు లెక్కలూ సరైనవే. రెంటినీ ఒకే కాగితం మీద కలిపినప్పుడే చిక్కు.

ఈ చిక్కువల్ల రైలు తప్పిపోయినవారు మన పాఠకులలోనూ వుండే వుంటారు. రాత్రి 12-20కి కదిలే బండికి 21వ తేదీ టిక్కెట్టు కొంటారు. 21 రాత్రి భోజనాలు చేసి, తీరిగ్గా స్టేషనుకు వెళతారు. బండి క్రిందటి రాత్రే వెళ్ళిపోయి వుంటుంది. రైలు తప్పితే మరో రైలు వుంది. ఆస్పత్రిలో ఇదే చిక్కు వస్తే ఏమవుతుందో 1986 ఆగస్టులో నేను చూశాను.

మాది గంజాం జిల్లా. 1936లో జిల్లా ఒరిస్సాలో కలిసిననాటికే మా తాతగారు అక్కడ స్థిరపడి వున్నారు. ఆ జిల్లాలో అరవై మంచాల ఆస్పత్రి ఒకదానిలో నేను వార్డు గుమాస్తాగా పనిచేశాను. వార్డు గుమాస్తా అంటే మందు ఇచ్చేవాడూ కాదు, సూది వేసేవాడూ కాదు. రోగి ఎప్పుడు చేరాడు, ఏ మంచం మీద వున్నాడు, ఎప్పుడు ఇంటికి వెళ్ళాడు అన్నవి రాసిపెట్టేవాడు. రక్తపరీక్ష కాగితాలు ఎవరి కేసుషీటుకు వారివి అంటించేవాడు. ఆ రాత్రి ఏ డాక్టరుగారు వుంటారో సాయంత్రం వార్డు బోర్డు మీద సుద్దముక్కతో రాయడం కూడా అతని పనే.

ప్రతి ఉదయం నేను మొదట చేసే పని అర్ధరాత్రి లెక్క చూడడం. సరిగ్గా పన్నెండు గంటలకు ఎన్ని మంచాల మీద రోగులున్నారో రాత్రి సిస్టరు లెక్కపెట్టి రాసి వుంచుతుంది. క్రిందటి రాత్రి లెక్కకు కొత్తగా చేరినవారిని కలిపి, వెళ్ళిపోయినవారినీ చనిపోయినవారినీ తీసివేస్తే ఆ అంకె రావాలి. పదకొండూ యాభైకి చేరిన రోగి ఒక తేదీలోకి వెళతాడు. ఇరవై నిమిషాల తరువాత అదే బండిలో వచ్చినవాడు మరో తేదీలోకి వెళతాడు. ఏళ్ళ తరబడి ఇది చేసినవాడికి "ఫలానా తేదీ రాత్రి" అన్న మాట వినగానే ఒక అనుమానం కలుగుతుంది: ఏ కొసన వున్న రాత్రి?

మా ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ ఎనిమిది నుంచి మరునాటి ఉదయం ఎనిమిది వరకు. ఆరుగురు డాక్టర్లు వంతులవారీగా చేసేవారు. రాత్రికి ఒక్కరే డాక్టరు. వార్డులూ, బయటినుంచి వచ్చే అత్యవసరం కేసులూ అన్నీ వారే చూడాలి. నెలకొకసారి ఆఫీసులో డ్యూటీ లిస్టు తయారయ్యేది. ఎడమవైపు డాక్టర్ల పేర్లు ఒకదాని క్రింద ఒకటి, పైన అడ్డంగా 1 నుంచి 31 వరకు తేదీలు. ఎవరికి ఏ రాత్రి డ్యూటీయో ఆ గడిలో ఒక గుర్తు. మధ్యలో మార్పు వస్తే సవరించిన లిస్టు మళ్ళీ స్టెన్సిలు కోసి, ప్రతులు తీసి, వార్డులకూ, టెలిఫోను దగ్గరకూ, నర్సుల గదికీ పంపేవారు.

శ్రావణమాసం. ఇచ్ఛాపురం నుంచి వచ్చే డాక్టరుగారి చెల్లెలికి పెళ్ళి కుదిరింది. ముహూర్తం 20వ తేదీ బుధవారం రాత్రి, తెల్లవారితే గురువారం. ఆయన రాత్రి డ్యూటీ సరిగ్గా 20వ తేదీనే పడింది. 23వ తేదీ రాత్రి డ్యూటీ పడిన లేడీ డాక్టరుగారిని అడిగి, తన రాత్రి ఆమె చేసేటట్టూ, ఆమె రాత్రి తను చేసేటట్టూ ఒప్పందం చేసుకున్నారు. అది ఎప్పుడూ జరిగేదే. ఆయన ఆఫీసుకు రెండు కాగితాలు ఇచ్చారు. సెలవు చీటీలో 20వ తేదీ మధ్యాహ్నం నుంచి సెలవు అని రాశారు. మార్పు చీటీలో మాత్రం, 21వ తేదీ తెల్లవారుజామున వివాహం గనుక ఆ రాత్రి డ్యూటీ ఆమె చేస్తారు అని రాశారు. ఆమెతో నోటిమాటగా చెప్పిందీ అదే. ఒకటి గడియారం లెక్క, ఒకటి ముహూర్తం లెక్క.

ఆఫీసులో హెడ్డు గుమాస్తాగారు రెండు కాగితాలనూ శ్రద్ధగానే పాటించారు. సెలవు చీటీ ప్రకారం 20వ గడిలో ఇచ్ఛాపురం డాక్టరుగారి గుర్తు తీసేశారు. మార్పు చీటీ ప్రకారం లేడీ డాక్టరుగారికి 21వ గడిలో గుర్తు పెట్టారు. 23వ తేదీ కూడా మార్చారు. తరువాత సరిచూసుకున్నారు. ఆయన ఎప్పుడూ మొత్తం లెక్కపెట్టేవారు: నెలకు 31 రాత్రులు, లిస్టులో 31 గుర్తులు. సరిపోయింది. ఒక్కొక్క డాక్టరుకూ పాత లిస్టులో ఎన్ని రాత్రులో కొత్త దానిలోనూ అన్నే. అదీ సరిపోయింది. సంతకానికి పంపించారు.

20వ తేదీ మధ్యాహ్నం మూడున్నరకు ఆ సవరించిన లిస్టు నా బల్లమీదికి వచ్చింది. బోర్డు మీద పేరు రాయడానికి 20 అన్న అంకె మీద వేలుపెట్టి క్రిందికి దించాను. ఆరు పేర్లూ దాటి వేలు కాగితం చివరికి వచ్చింది. ఒక్క గుర్తూ తగలలేదు. పక్కన 21వ గడిలో చూస్తే రెండు గుర్తులున్నాయి.

ఆ లిస్టును తయారుచేసేవారూ, డాక్టర్లూ అడ్డంగా చదువుతారు. తన పేరు పట్టుకుని, తనకు ఏయే రాత్రులు పడ్డాయో చూసుకుంటారు. అట్లా చూస్తే అందరిదీ సక్రమంగానే వుంది. నిలువుగా చదవవలసిన పని బోర్డు రాసేవాడికి తప్ప ఎవరికీ రాదు. అడ్డంగా చదివితే మనిషి కనబడతాడు, నిలువుగా చదివితేనే రాత్రి కనబడుతుంది. రెండు పేర్లున్న రాత్రి ఒకటీ, పేరు లేని రాత్రి ఒకటీ వుంటే మొత్తం ఏమీ మారదు.

నా ప్రతిలో మాత్రమే మసకబడిందేమోనని టెలిఫోను దగ్గరి ప్రతీ, నర్సుల గదిలోని ప్రతీ చూశాను. మూడూ ఒకటే. కాని మూడూ ఒకే స్టెన్సిలు నుంచి వచ్చినవి గదా! అవి ముగ్గురు సాక్షులు కావు, ఒకే సాక్షి మూడుసార్లు చెప్పిన మాట. ఇక మనుషులను అడగవలసిందే. అడిగే తీరులో కూడా ఒక మెలకువ వుంది. "మీ డ్యూటీ 21నే గదా?" అంటే "అవును" అనే జవాబు వస్తుంది, చిక్కు అట్లాగే వుంటుంది.

లేడీ డాక్టరుగారు పగటి డ్యూటీ ముగించుకుని క్వార్టర్సుకు వెళ్ళారు. టెలిఫోను చేసి, "అమ్మా, ఈ రాత్రి ఎనిమిది గంటలకు మీరు వార్డులో వుంటారా?" అని అడిగాను.

"ఈ రాత్రి కాదు గుమాస్తాగారూ, నాది రేపు రాత్రి. పెళ్ళి 21 అన్నారుగా" అన్నారామె.

21వ తేదీ అసలు వంతు గల డాక్టరుగారిని అడిగాను. "రేపు నేనే. ఈ రాత్రి ఎవరో నాకు తెలియదు" అన్నారు. ఇచ్ఛాపురం డాక్టరుగారు మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయారు. తన రాత్రికి మనిషి వున్నదని నిశ్చింతగా వెళ్ళారు.

లిస్టు దిద్దే అధికారం వార్డు గుమాస్తాకు లేదు. బోర్డు మీద తోచిన పేరు రాస్తే అది మరో చిక్కు అవుతుంది. హెడ్డు గుమాస్తాగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒరియావారు, నాతో తెలుగులోనే మాట్లాడేవారు. "బాబూ, నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ముప్ఫయ్యొక్కటీ వున్నాయి" అన్నారు. నేను వాదించలేదు. ఆయన బల్లమీది స్కేలు తీసి 20వ గడి పక్కన నిలువుగా ఆనించి పెట్టాను. ఆయన పైనుంచి క్రిందికి చూశారు. మరోమాట లేకుండా కాగితం పట్టుకుని సూపరింటెండెంటుగారి గదికి ముందుగా ఆయనే నడిచారు.

సూపరింటెండెంటుగారు లేడీ డాక్టరుగారితో టెలిఫోనులో మాట్లాడారు. ఆమె సరేనన్నారు. తరువాత ఆయన చేతిరాతతో ఉత్తర్వు రాశారు. అందులో "20వ తేదీ రాత్రి" అని రాయనివ్వలేదు. "20వ తేదీ రాత్రి 8 గంటల నుంచి 21వ తేదీ ఉదయం 8 గంటల వరకు" అని రాశారు. అయిదుంబావుకు నేను బోర్డు మీద పేరు రాశాను. ఆమె రెండు గంటలు నిద్రపోయి, ఎనిమిదింటికి అయిదు నిమిషాలు ముందే వచ్చారు.

ఆ రాత్రి ఒంటిగంట దాటాక, పొలంగట్టు మీద పాము కరిచిన మనిషిని ఎడ్లబండిలో తెచ్చారు. ఉదయం నేను వెళ్ళేసరికి కేసుషీటులో అంతా రాసి వుంది. కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తున్నది. అటువంటి స్థితిలో విరుగుడు మందు వెంటనే ఎక్కించాలి. కాని ఆ మందే కొందరికి పడదు. దద్దుర్లు లేచి, ఊపిరి అందక, రక్తపోటు పడిపోవచ్చు. అందుకని డాక్టరు దగ్గర వుండి, అడ్రినలిన్ సూది సిద్ధంగా పెట్టుకుని ఎక్కిస్తారు. మందు బీరువాలో వుంది, సిస్టరు వుంది. కాని ఎంత ఇవ్వాలో చెప్పడానికీ, పడకపోతే ఆదుకోవడానికీ డాక్టరు వుండాలి. ఆ మనిషి నాలుగోనాడు నడిచి ఇంటికి వెళ్ళాడు. అర్ధరాత్రి లెక్క ప్రకారం అతను 21వ తేదీ రోగి. వాళ్ళావిడకు మాత్రం అది బుధవారం రాత్రే.

వచ్చే నెల నుంచి హెడ్డు గుమాస్తాగారు లిస్టు అడుగున మరో వరుస గీయించారు. ప్రతి తేదీ క్రిందా ఆ నిలువు గడిలో ఎన్ని గుర్తులున్నాయో వేయాలి. అన్నిటి క్రిందా 1 రావాలి. సున్నా వచ్చినా, 2 వచ్చినా సంతకం లేదు. మార్పు చీటీ మీద ఇద్దరు డాక్టర్లూ సంతకం చేయాలనీ, అందులో మొదలయ్యే గంటా ముగిసే గంటా తేదీలతో వుండాలనీ నిర్ణయించారు. ఈ వరుస పట్టలేనిది ఒకటి వుంది. గడిలో పేరున్న మనిషి సెలవులో వుంటే అడుగున 1 అనే వస్తుంది. అందువల్ల సాయంత్రం నాలుగింటికి ఆ రాత్రి డాక్టరుగారిని ఒకసారి అడిగే అలవాటు నేను మానలేదు.

ఇప్పుడు చాలా ఆస్పత్రులలో ఈ లిస్టులు కంప్యూటరు మీద తయారవుతున్నాయి. అడుగున మొత్తం దానంతట అదే వస్తుంది. కాని "21వ తేదీ రాత్రి" అని ఒకరు ఒక అర్థంతో చెప్పి, మరొకరు మరో అర్థంతో గడి నింపితే యంత్రం ఏం చేస్తుంది? మన శుభలేఖలు రాసిన పెద్దలు ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు. అందుకే బుధవారం రాత్రి అని వూరుకోక, తెల్లవారితే ఏ వారమో కూడా చెప్పారు.