పొగ లేని పొగాకు

నోయిడాలో మా ప్రసూతి విభాగానికి వచ్చే గర్భిణులలో "పొగ తాగుతావా?" అన్న ప్రశ్నకు అవునని చెప్పేవారు బహు అరుదు. "పొద్దున లేవగానే నోట్లో ఏం వేసుకుంటావమ్మా?" అని అడిగితే గాని అసలు సంగతి బయటపడదు.

శ్రీకాకుళం జిల్లా నుంచి కట్టడం పనికి వచ్చిన ఒక యువతి ఈ రెండో ప్రశ్నకు కొంగుముడి విప్పి ఖైనీ పొట్లం చూపించింది. ఆమెకు అప్పుడు మూడో నెల.

"ఊళ్లో కారా కిళ్ళీ వేసుకునేదాన్నమ్మా. ఇక్కడ ఇదే దొరుకుతుంది. దీంతో వేవిళ్లు తగ్గుతాయి. పొగ లేదు గదా, బిడ్డకేమవుతుంది?" అన్నది.

ఖైనీలో పొగాకుకు సున్నం కలుపుతారు. ఆ సున్నం వల్ల నికోటిన్ చెంప లోపలి పొర గుండా సులువుగా రక్తంలో చేరి, మాయను దాటి శిశువును అందుకుంటుంది. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ముంబైకి చెందిన 1,217 మంది స్త్రీలను పరిశీలించారు. పొగాకు నమిలే తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ తూగారు. నెలలు నిండకముందే పుట్టినవారూ వారిలో ఎక్కువ. నూరు గ్రాములేగా అనిపించవచ్చు. రక్తహీనత గల తల్లికి రెండున్నర కిలోల అంచున పుట్టే బిడ్డకు అది చిన్న లోటు కాదు.

రోజుకు ఆరుసార్లు ఖైనీ వేసుకుంటున్నట్లు లెక్క తేలింది. అన్నింటికన్నా కష్టమైనది తెల్లవారుజామున వేసుకునేది. పక్క మీద నుంచి లేవకముందే గుప్పెడు మరమరాలు తినమన్నాను. కడుపు ఖాళీగా లేకపోతే వికారం కొంత తగ్గుతుంది. తక్కిన వేళల్లో సోంపు నమలమన్నాను. వక్క మాత్రం వద్దన్నాను. అదీ బిడ్డకు మంచిది కాదు. కోరిక పుట్టినా అది కొద్ది నిమిషాలలో సద్దుమణుగుతుంది. మొదటి మూడు రోజులు చిరాకు, తలనొప్పి తప్పవు. నికోటిన్ చూయింగ్ గమ్ వంటివి గర్భిణులు సొంతంగా కొని వాడరాదు.

ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వ్యాధుల సంస్థ నడిపే 1800-11-2356 అనే ఉచిత నంబరుకు భర్త చేత ఫోను చేయించాను. మానిపించే సలహాలు అక్కడ చెబుతారు.

అయిదో నాడు తోటి కూలీ ఇచ్చిన చిటికెడు వేసుకున్నదట. అంతమాత్రాన అంతా పోయినట్లు కాదు. ఎప్పుడు, ఎవరి పక్కన జరిగిందో తెలిస్తే చాలు. మధ్యాహ్నపు విరామంలో ఆమె కూర్చునే చోటు మార్చుకున్నది.

భర్త బీడీ సంగతి వేరు. ఒకే గదిలో కిటికీ తెరిచి కాల్చినా, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ తల్లి రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని ఆక్రమిస్తుంది. అతడు బీడీ మానలేదు గాని, వీధి చివరికి వెళ్లి కాల్చడం మొదలుపెట్టాడు.

నెలలు నిండాక 2 కిలోల 700 గ్రాముల ఆడపిల్ల పుట్టింది. ఖైనీ మానినందుకే అంత బరువు వచ్చిందని ఒక్క కాన్పును చూసి చెప్పలేము. కాన్పయ్యాక మళ్లీ మొదలుపెట్టేవారు ఎందరో ఉంటారు. నికోటిన్ చనుబాలలోకీ దిగుతుంది. అందుకే బిడ్డకు టీకా వేయించడానికి వచ్చిన ప్రతిసారీ, నోట్లో ఏం వేసుకుంటున్నావని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.