కుంకుమపువ్వు పాలు: మూడు పోగులు చాలు

కోడలికి ఐదో నెల పడిందంటే చాలు, మా నారాయణఖేడ్ ప్రాంతపు ఇళ్లలో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా ప్రత్యక్షమవుతుంది. బీదర్ వెళ్లిన బావగారో, హైదరాబాదు నుంచి వచ్చిన ఆడపడుచో దానిని తెచ్చి ఉంటారు. కొందరు దానిని కేసర్ అంటారు, మరికొందరు జాఫ్రాన్ అంటారు, తెలుగులో కుంకుమపువ్వు. పేరేదైనా ఆశ ఒక్కటే: బిడ్డ తెల్లగా పుట్టాలి.

ఆ ఆశ సంగతి ముందే తేల్చుకుందాం. బిడ్డ మేనిఛాయను నిర్ణయించేది చర్మంలోని మెలనిన్ అనే వర్ణకం. అది ఎంత ఏర్పడాలన్నది తల్లిదండ్రుల జన్యువులను బట్టి ఉంటుంది. తల్లి తాగిన పాలలోని రంగు పదార్థం దానిని మార్చలేదు. ఇంతకు మించి ఈ విషయంపై చర్చించవలసినది ఏమీ లేదు.

అయితే ఆ గ్లాసు వలన లాభమే లేదా? ఉన్నది, కాని ఆ లాభంలో పెద్ద పాలు పాలదే. రెండు వందల మిల్లీలీటర్ల పాలలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, 200 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం లభిస్తాయి. వేవిళ్ల తరువాత పాల వాసనే సహించని గర్భిణి కుంకుమపువ్వు పరిమళం వల్ల ఆ గ్లాసు తాగగలిగితే అది నిజమైన ప్రయోజనమే. మనసు కుదుటపడటానికి ఈ పువ్వు కొంత తోడ్పడుతుందని చెప్పే చిన్న చిన్న పరిశోధనలు ఉన్నాయి. వాటిలో అధిక భాగం రోజుకు 30 మిల్లీగ్రాముల మోతాదుతో, గర్భిణులు కానివారిపై జరిగినవి. వాటిని చూపి గర్భిణికి మోతాదు పెంచడం సరికాదు.

ఇక చిటికెడు అంటే ఎంత? ఈ ప్రశ్నకు బొటనవేలు, చూపుడువేలు చెప్పే జవాబు ఇంటింటికీ మారుతుంది. అందుచేత పోగులను లెక్కించమని నేను చెబుతాను. ఒక పువ్వులో మూడు కీలాగ్రాలే ఉంటాయి. సుమారు 150 పూలు కోస్తే గాని ఒక గ్రాము ఎండు కుంకుమపువ్వు రాదు. అంటే గ్రాముకు దాదాపు 450 పోగులు, ఒక్కొక్కటి ఇంచుమించు 2 మిల్లీగ్రాములు. రోజుకు మూడు పోగులు వేసుకుంటే 6 మిల్లీగ్రాములు. రుచికీ వాసనకూ అది చాలు. ఐదు దాటవద్దు. ఈ లెక్కన ఒక గ్రాము డబ్బా ఐదు నెలలు రావాలి. మీ ఇంట్లో అది నెలకే ఖాళీ అవుతున్నదంటే, గర్భిణి రోజుకు 30 మిల్లీగ్రాములకు పైగా తీసుకుంటున్నదన్నమాట.

ఈ జాగ్రత్త ఎందుకంటే, అధిక మోతాదులో కుంకుమపువ్వు గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది. గ్రాముల కొద్దీ మింగితే అది విషమే. పాలలో వేసే మూడు పోగులకు ఆ ప్రమాదం లేదు. అయినా మొదటి మూడు నెలలు దాని జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం. రక్తస్రావం కనిపించినవారు, లోగడ గర్భస్రావం అయినవారు, రక్తం పలుచబడే మందులు గాని మానసిక కుంగుబాటుకు మందులు గాని వాడుతున్నవారు తమ వైద్యుని అడగకుండా మొదలుపెట్టరాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా రోగులలో ఒకామె, ఆరో నెల గర్భిణి, అత్తగారితో కలిసి వచ్చింది. కనురెప్పల లోపలి భాగం పాలిపోయి ఉంది. పరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. ఏమి తింటున్నావమ్మా అని అడిగితే అత్తగారే అందుకొని, "రోజూ కేసర్ పాలు ఇస్తున్న సార్, ఒక్క పూట తప్పిస్తలేను" అని సంచిలోని డబ్బా తీసి చూపింది. ఇనుము మాత్రల సంగతి అడిగితే, మలం నల్లగా వస్తున్నదని ఆపేశామని చెప్పారు. నలుపు ఆ మాత్రల సహజ లక్షణమే గాని జబ్బు కాదు.

ఆ డబ్బాలోని నాలుగు పోగులను స్టీలు గిన్నెలో చన్నీళ్లు పోసి వేశాను. క్షణాలలో నీరు ఎర్రబడింది. రెండు మూడు నిమిషాలకు పోగులు వెలవెలబోయి గడ్డిపరకల రంగుకు దిగాయి. ఒక దానిని తెల్ల కాగితంపై పరచి భూతద్దం కింద పెట్టాను. సన్నని గొట్టం, దాని కొసన ఐదు చీలికలు. అత్తగారు వంగి చూసి, "ఇది మా చేన్ల కుసుమ పువ్వు లెక్కనే ఉన్నది గద సార్!" అన్నది. ఆమె పొరబడలేదు. జొన్న చేను చుట్టూ పశువులు దూరకుండా ముళ్ల కంచెలా కుసుమలు వేసే నల్లరేగడి ప్రాంతం మాది. ఆ పూరేకులనే ఎండబెట్టి, రంగు పట్టించి, కుంకుమపువ్వని అమ్ముతారు. నూనెగింజగా కుసుమ మంచిదే; కాని దాని పూరేకులను బహిష్టు రప్పించే మందుగా వాడే సంప్రదాయం ఉంది కనుక గర్భిణికి అవి తగవు. పట్టించిన రంగు ఏదో ఎవరికీ తెలియదు.

మీరు కూడా ఇంట్లో ఈ పరీక్ష చేసుకోవచ్చు. అసలు కుంకుమపువ్వు నీటిలో తొందరపడదు. పది పదిహేను నిమిషాలు తీసుకొని బంగారు పసుపు రంగును వదులుతుంది. నీరు ఎర్రబడదు, పోగు మాత్రం చాలాసేపు ఎర్రగానే నిలుస్తుంది. నానిన పోగును విప్పి చూస్తే ఒక కొస బాకా మూతిలా వెడల్పుగా, అంచు నొక్కులతో ఉంటుంది. రెండో కొస సన్నబడుతూ పసుపుగా మారుతుంది. మొక్కజొన్న పీచుకు రంగు వేసినదైతే ఆ బాకా ఆకారం ఉండదు. నాలుకపై వేసుకుంటే అసలుది కొంచెం చేదు. తియ్యగా తగిలితే బరువు కోసం చక్కెర పాకమో తేనెయో పూశారని అనుమానించండి. కాగితం మడతలో నొక్కితే జిడ్డు మరక పడడమూ మంచి గుర్తు కాదు. పొడి రూపంలో అమ్మేది అసలే కొనవద్దు, ఆకారం చూసే వీలే ఉండదు. నీటి పరీక్షలో నెగ్గినంత మాత్రాన కల్తీ అసలే లేదని తేలదు. అసలు పోగులలో నకిలీవి కలిపి అమ్మేవారూ ఉన్నారు. అందుకే ఒక్కటి కాక, డబ్బాలో వేరు వేరు చోట్ల నుంచి నాలుగైదు తీసి చూడాలి. కశ్మీరులోని పాంపోరులో శరదృతువు చివర చేతితో ఏరే 150 పూల ఫలితం యాభై రూపాయలకు దొరకదన్న ఇంగితం కూడా పరీక్షే.

ఆ అమ్మాయికి రోజుకు రెండు ఇనుము మాత్రలు రాసి, ఒక షరతు పెట్టాను: పాలతో కలిపి వేసుకోరాదు. పాలలోని కాల్షియం ఇనుమును పేగులలోకి పూర్తిగా ఇంకనివ్వదు. చాయ్ కూడా అంతే. మాత్రకూ పాలకూ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మధ్యాహ్నం ఒకటి, రాత్రి భోజనం తరువాత ఒకటి మాత్ర, పాలు సాయంత్రం అని సర్దుకున్నారు. మాత్రను నిమ్మరసంతో వేసుకుంటే మరీ మంచిది. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ 9.6 అయింది. నెలలో కనీసం ఒక గ్రాము పెరగకుంటే కారణం వెదకడానికి పెద్దాసుపత్రికి పంపవలసి ఉండేది.

కుంకుమపువ్వు కొనడానికి స్తోమత లేని ఇల్లాలు బెంగపడనక్కర లేదు. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద 2015 నుంచి గర్భిణికి భోజనంతో పాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు; బిడ్డ ఎదుగుదలకు కావలసిన సరుకు అదే.

కొన్నవారు మాత్రం మూడు పోగులను రెండు చెంచాల గోరువెచ్చని పాలలో పావుగంట నాననిచ్చి, ఆ తరువాత గ్లాసు పాలలో కలపండి. మధుమేహం ఉన్నట్టు తేలిన గర్భిణి అందులో చక్కెర వేసుకోరాదు. డబ్బాను పొయ్యి పక్కన కాకుండా వెలుతురు, తేమ తగలని అరలో పెట్టండి. వాసన పోయిన పువ్వును దాచుకొని ప్రయోజనం లేదు.