"మీ ఇష్టం" అంటే ఒప్పుకున్నట్టేనా?

మన ఇళ్లలో ఆస్తి మాటలు ఎప్పుడు చెడతాయో గమనించారా? అందరూ కూర్చున్న రోజున కాదు. లేచి వెళ్లిన వారం పది రోజులకు. "ఆ రోజు నువ్వే కదా సరేనన్నావు" అని ఒకరు, "నేను ఆ మాటే అనలేదు" అని ఇంకొకరు. అందుకే పెద్దమనిషిని పెట్టుకుని మాట్లాడుకున్నప్పుడు, ఆ మాటల సారాంశం ఒక కాగితం మీద ఉండాలి. ఒప్పుకున్నవి ఏవి, తేలనివి ఏవి, మళ్లీ కూర్చున్నప్పుడు ఏవి మాట్లాడాలి అని మూడు భాగాలుగా. ఈమధ్య మా పిన్ని వాళ్లింటి విషయంలో ఆ పని నా మీద పడింది. "తెలుగు బీఏ చదివావు, నీకు వాటా లేదు, నువ్వైతే ఎవరి పక్షమూ ఉండవు" అన్నారు మాస్టారు.

మాస్టారంటే మాకు దూరపు చుట్టం, రిటైరైన హెడ్మాస్టారు. మధ్యవర్తి ఆయనే. బాబాయి పోయి ఏడాది దాటింది. తెనాలిలో ఆయన సొంత సంపాదనతో కట్టుకున్న ఇల్లు ఉంది, వీలునామా రాయలేదు. బాబాయి తల్లి ఎప్పుడో పోయారు కాబట్టి, హిందూ వారసత్వ చట్టం ప్రకారం పిన్నికి, ఇద్దరు మగపిల్లలకు, ఆడపిల్లకు తలా నాలుగో వంతు. వాటాల దగ్గర తగువు లేదు. తగువంతా ఇల్లు ఎప్పుడు అమ్మాలి, ఆసుపత్రి ఖర్చు ఎవరు ఎంత భరించాలి, పిన్ని ఎక్కడ ఉండాలి అన్న వాటి దగ్గరే.

అందరూ ఒప్పుకున్నాకే ఫోనులో రికార్డు చేశారు. పెద్ద తమ్ముడి కూతురు దాన్ని విని టైపు చేస్తే ముప్ఫై నాలుగు పేజీలు వచ్చింది. ఒక మాట ఇక్కడే చెప్పాలి. చట్టప్రకారం జరిగే మధ్యవర్తిత్వంలో ఆడియో, వీడియో రికార్డింగు చేయకూడదని 2023 నాటి మధ్యవర్తిత్వ చట్టంలో ఉంది. మాది ఇంటి చావడిలో కూర్చుని మాట్లాడుకున్నది. కాబట్టి వాళ్ల ఇష్టంతో రికార్డయింది. సారాంశం ఖాయమయ్యాక ఆ ముప్ఫై నాలుగు పేజీలూ, రికార్డింగూ తీసేయాలని ముందే అనుకున్నారు.

మొదట ఒకసారి కలం పట్టకుండా చదివాను. రెండోసారి వరుసలకు నంబర్లు వేశాను. సారాంశంలో రాసే ప్రతి వాక్యం పక్కనా అది ఏ వరుసలోంచి వచ్చిందో నా చిత్తుకాగితం మీద ఉండాలి. నంబరు వేయలేని వాక్యం వచ్చిందంటే అది వాళ్లు అన్నది కాదు, నా ఊహ.

అసలు కష్టం ఒప్పుకున్నవి ఏరడంలో ఉంది. మన భాషలో ఒప్పుకోకుండానే ఒప్పుకున్నట్టు వినిపించే మాటలు బోలెడు. "చూద్దాం" అంటే చాలాసార్లు కాదనే. "సరే సరే" అంటే ఇక ఆ మాట ఆపమని. "మీ ఇష్టం" అంటే నా ఇష్టం చెప్పే ధైర్యమో, ఓపికో లేదని. అందుకని ఒక కొలత పెట్టుకున్నాను. ఆ విషయంతో సంబంధమున్న ప్రతివాళ్లూ నోరు తెరిచి చెప్పి ఉండాలి, అందరూ ఒకే అర్థంలో చెప్పి ఉండాలి, తర్వాతి పేజీల్లో ఎవరూ వెనక్కి తీసుకుని ఉండకూడదు. ఈ మూడూ ఉంటేనే మొదటి భాగంలోకి.

ఆసుపత్రి ఖర్చు సంగతి చూడండి. మొత్తం బిల్లు 4,80,000 రూపాయలు. పెద్ద తమ్ముడు కట్టాడు. కాగితంలో ఇలా ఉంది:

పెద్దబ్బాయి: ముగ్గురం సమానంగా పంచుకుంటే చాలు, నాకింకేం వద్దు.
చిన్నబ్బాయి: సమానంగానే అన్నయ్యా, కాదనను. కానీ నేను లక్షా ఇరవై పంపాను కదా, అది తీసేయాలి.
పెద్దబ్బాయి: అందులో ఎనభై వేలు నాన్న కర్మలకు పోయాయిరా.
అమ్మాయి: నా వాటా నేనిస్తాను పెద్దన్నయ్యా, ఒకేసారి కాకుండా ఏడాదిలో అయితే.
పెద్దబ్బాయి: చూద్దాంలే.

పైపైన చదివితే "ఖర్చు సమానంగా పంచుకోవడానికి ఒప్పుకున్నారు" అని రాసి ముగించేయొచ్చు. అది నిజమే, కానీ అందులో మూడో వంతే. ఒప్పుకున్నది పద్ధతి: ముగ్గురూ సమానం, అంటే తలా 1,60,000. తేలనివి రెండు. చిన్నవాడు పంపిన 1,20,000 మొత్తం ఆసుపత్రి లెక్కలోకి వస్తే అతను ఇంకా ఇవ్వాల్సింది 40,000. పెద్దవాడు చెప్పినట్టు 80,000 కర్మల లెక్కయితే ఇవ్వాల్సింది 1,20,000. కాబట్టి వాళ్లిద్దరి మధ్య ఉన్న తేడా సరిగ్గా 80,000. ఇలా అంకె వేసి రాయగానే తగువు చిన్నదైపోయింది. నాలుగు లక్షల ఎనభై వేల గొడవ అనుకుని లేచి వెళ్లినవాళ్లకు, తమ మధ్య ఉన్నది ఎనభై వేల ప్రశ్న అని తెలిసింది.

రెండో తేడా చెల్లెలి గడువు. ఆమె "ఏడాదిలో అయితే" అన్నది. ఆ "అయితే" వదిలేసి "అమ్మాయి ఇస్తానన్నది" అని రాస్తే, రేపు వచ్చే నెలలోనే అడుగుతారు. షరతుతో చెప్పిన మాటను షరతుతోనే రాయాలి. ఎదుటివాళ్లు ఆ షరతుకు "చూద్దాం" అన్నారు కాబట్టి అది తేలనివాటిలోకి వెళ్లింది.

తేలనివి రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. ఒకరిది "డిమాండు", ఇంకొకరిది "కోరిక" అని రాశామా, పక్షం పట్టినట్టే. "పెద్దబ్బాయి పట్టుబట్టాడు", "చిన్నబ్బాయి ఒప్పుకోలేదు" లాంటివీ అంతే. ఇల్లు అమ్మే విషయం ఇలా రాశాను: "పెద్దబ్బాయి: ఈ ఏడాదిలో అమ్మాలి, మరమ్మతులు ఏటా పెరుగుతున్నాయి. చిన్నబ్బాయి, అమ్మాయి: అమ్మ ఉన్నన్నాళ్లూ అమ్మకూడదు." ఎవరి మాట వారిది, ఎవరి కారణం వారిది, దాదాపు వాళ్ల మాటల్లోనే. ఎందుకలా అంటున్నారో, వెనకాల ఎవరి భార్య ఉందో, ఎవరి అప్పు ఉందో మనకు అనవసరం.

ఆ అప్పు మాట నిజంగానే కాగితంలో ఉంది. టీ తాగుతుండగా చెల్లి తన భర్త వ్యాపారం గురించి ఏదో చెప్పింది. ఫోను రికార్డు చేస్తూనే ఉంది. అది చర్చకు పెట్టిన విషయం కాదు కాబట్టి సారాంశంలోకి రాలేదు. మధ్యలో మాస్టారు చిన్నవాణ్ని వరండాలోకి తీసుకెళ్లి విడిగా మాట్లాడారు. ఆ మాటలు ఏమిటని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. విడిగా చెప్పుకున్నది అందరి కాగితం మీదికి వస్తే, ఇంకోసారి ఎవరూ మధ్యవర్తి దగ్గర మనసు విప్పరు.

ఇక పిన్ని సంగతి. పేజీలన్నీ వెతికితే పిన్ని మాట్లాడింది తొమ్మిది సార్లు. అందులో నాలుగు "టీ తాగండి", "అన్నం వేళయింది" లాంటివి. ముగ్గురు పిల్లలూ మాత్రం "అమ్మ మా దగ్గరే ఉంటుంది" అన్నారు. చదవడానికి ఎంత బాగుందో! ఒప్పందమే అనిపిస్తుంది. కానీ పెద్దవాడి మాటకు అర్థం హైదరాబాదులో తన దగ్గర శాశ్వతంగా. చిన్నవాడి మాటకు అర్థం ఒక్కొక్కరి దగ్గర నాలుగేసి నెలలు. చెల్లి ఉద్దేశం గుంటూరులో తన ఇంటి పక్క వాటాలో. ఒకే వాక్యం, మూడు ఊళ్లు. పిన్నిని మాస్టారు అడిగితే "మీ ఇష్టం" అంది. వెంటనే పెద్దవాడు ఇంకో విషయం ఎత్తాడు. అందుకని తేలనివాటిలో అన్నిటికన్నా పైన ఇలా రాశాను: "అమ్మ ఎక్కడ ఉండాలి: పిల్లలు చెప్పినవి మూడు వేర్వేరు ఏర్పాట్లు. అమ్మ తన కోరిక ఇంకా చెప్పలేదు."

ఒప్పుకున్నవి చివరికి మూడే మిగిలాయి. మేడ మీద వాటా అద్దె నెలకు 8,000 నేరుగా పిన్ని ఖాతాలో పడాలి. నలుగురూ ఒప్పుకోకుండా ఎవరూ బయటివాళ్లతో ఇంటి బేరం మాట్లాడకూడదు. ఆసుపత్రి ఖర్చు పిల్లలు ముగ్గురూ సమానంగా భరించాలి. మొదటి రెంటికీ పిన్ని కూడా "అలాగే చేయండి" అని స్పష్టంగానే అంది. ముప్ఫై నాలుగు పేజీలకు మూడేనా అనిపించవచ్చు. కానీ ఈ మూడింటినీ రేపు ఎవరూ కాదనలేరు.

మూడో భాగాన్ని "ఇల్లు, డబ్బు, అమ్మ" అని తలకట్టులు పెట్టి వదిలేస్తే, వచ్చేసారీ మొదటి నుంచి మొదలవుతుంది. ప్రశ్నగా రాయాలి, పక్కన ఎవరు ఏ కాగితం తేవాలో రాయాలి. "చిన్నబ్బాయి పంపిన 1,20,000లో ఆసుపత్రికి ఎంత, కర్మలకు ఎంత? పెద్దబ్బాయి బ్యాంకు స్టేట్‌మెంటు, ఆసుపత్రి రశీదులు తేవాలి." "అమ్మాయి ఏడాది గడువు అన్నయ్యలిద్దరికీ సమ్మతమేనా? నెలకు ఎంత చొప్పున?" "మరమ్మతులకు నిజంగా ఎంతవుతుంది? చిన్నబ్బాయి మేస్త్రీ చేత అంచనా రాయించి తేవాలి." ఇల్లు అమ్మే ప్రశ్న ఆఖరున పెట్టాను. పిన్ని ఎక్కడ ఉంటుందో తేలకుండా అది తేలదు కాబట్టి.

కాగితం అడుగున ఒక వాక్యం తప్పనిసరి: "ఇది జరిగిన మాటల సారాంశం మాత్రమే, ఒప్పంద పత్రం కాదు." సంతకాలు పెట్టించలేదు. ఇంటి మీద హక్కులు మార్చే కాగితమైతే స్టాంపు, రిజిస్ట్రేషను కావాలి. ఆ పని అన్నీ తేలాక లాయరు దగ్గర. ఇలాంటి చిత్తుకాగితం మీద సంతకాలు చేస్తే కొత్త తగువు పుడుతుంది.

మాస్టారు చూశాక అందరికీ ఒకేసారి పంపాను. అభ్యంతరాలకు మూడు రోజుల గడువు. పెద్ద తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, నేను చూద్దాంలే అన్నది కాదని కాదు, ఏడాది ఇవ్వడం నాకిష్టమే" అన్నాడు. చిన్నవాణ్ని కూడా అడిగితే సరేనని రాసి పంపాడు. గడువు సంగతి అక్కడికక్కడే మొదటి భాగంలోకి మారింది.

పిన్నికి కళ్లద్దాలున్నా చదవలేదు. ఫోనులో నేనే చదివి వినిపించాను. "అమ్మ తన కోరిక ఇంకా చెప్పలేదు" అన్నచోట ఆపమంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అంటే, ఈసారి నన్ను అడుగుతారా?" అంది.

"మొదటి ప్రశ్న అదే పిన్నీ. నీ తర్వాతే ఎవరైనా" అన్నాను.

"అయితే ఆలోచించుకుని వస్తాను" అంది.