చేతులతో వాదన: ఒక డిగ్రీ కాలేజీలో డిబేట్ సన్నాహం

వినికిడి లేని విద్యార్థిని డిబేట్‌కు దిగాలంటే ఇద్దరు సిద్ధం కావాలి. ఒకరు వాదించే అమ్మాయి. రెండోవారు ఆమె సైగలను మాటల్లోకి, ఎదుటివారి మాటలను సైగల్లోకి మార్చే ఇంటర్‌ప్రెటర్. సికింద్రాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీ సెమినార్ హాలులో ఈ సన్నాహం నాలుగు మధ్యాహ్నాలు సాగింది. అమ్మాయి బి.కాం. రెండో సంవత్సరం చదువుతోంది. ఆమెకు ఇది మొదటి డిబేట్. అంశం: డిగ్రీ కాలేజీల్లో 75 శాతం హాజరు నిబంధన ఎత్తివేయాలి. ఆమెది ఎత్తివేయాలనే పక్షం. ప్రసంగానికి ఐదు నిమిషాలు, ఎదుటి పక్షానికి జవాబు చెప్పడానికి రెండు నిమిషాలు.

మొదటి రోజు పని కుర్చీలు జరపడంతోనే మొదలైంది. ఇంటర్‌ప్రెటర్‌ను తెచ్చి అమ్మాయి పక్కన కూర్చోబెట్టడం అందరికీ తోచే ఏర్పాటు. కానీ అలా కూర్చుంటే ఆమె ప్రతిసారీ మెడ తిప్పాలి, మాట్లాడేవారి ముఖం చూడలేదు. అందుకే ఎదుటి పక్షం మాట్లాడేటప్పుడు ఇంటర్‌ప్రెటర్ ఆ వక్త పక్కనే నిలబడాలని నిర్ణయించారు. అప్పుడు వక్త ముఖం, సైగలు రెండూ ఒకే చూపులో అందుతాయి. అమ్మాయి మాట్లాడే వంతు వచ్చినప్పుడు ఇంటర్‌ప్రెటర్ మైకు తీసుకుని మొదటి వరుసలో, వేదిక వైపు తిరిగి కూర్చుంటారు. సైగలను ఎదురుగా చూస్తేనే పూర్తిగా చదవగలరు. వెనక నుంచో పక్క నుంచో చూస్తే సగం చేతులు, దాదాపు ముఖమంతా కనిపించవు. సైగల భాషలో కనుబొమలు, తల కదలిక కూడా వాక్యంలో భాగమే కాబట్టి ముఖం కనిపించకపోతే ప్రశ్నో జవాబో తేలదు. వేదిక వెనక ఉన్న కిటికీకి తెర వేశారు. వెలుగు వెనక నుంచి వస్తే చేతులు నీడలా కనిపిస్తాయి.

రెండో రోజు మాటల జాబితా తయారైంది. ఇంటర్‌ప్రెటర్ ప్రసంగం రాతప్రతిని ముందే అడిగి తీసుకున్నారు. రాతప్రతి చేతిలో లేకుండా డిబేట్‌కు వస్తే మొదటిసారి విన్న పదానికి సైగ వెతుక్కునేలోగా తర్వాతి వాక్యం వెళ్లిపోతుంది. జాబితాలో అన్నిటికంటే ఇబ్బంది పెట్టిన మాట ‘కండోనేషన్’. హాజరు తగ్గినవారు కారణం చూపి, రుసుము కట్టి పరీక్షకు అనుమతి తెచ్చుకోవడాన్ని కాలేజీల్లో ఇలా పిలుస్తారు. దీన్ని ఇంగ్లిషు అక్షరాలతో ఒక్కొక్కటిగా చూపాలంటే పదకొండు అక్షరాలు. భారతీయ సైగల భాషలో చాలా అక్షరాలకు రెండు చేతులూ కావాలి. ఐదు నిమిషాల ప్రసంగంలో ఆ మాట ఏడుసార్లు ఉంది. మొదటిసారి అక్షరాలతో చూపి, ఆ వెంటనే ఇద్దరూ ఒప్పుకున్న పొట్టి సైగ చూపాలని, మిగతా ఆరుసార్లు ఆ సైగే వాడాలని తేల్చుకున్నారు. ఆ సైగ ఈ డిబేట్ వరకే. నిఘంటువులో ఉండదు.

మూడో రోజు రిహార్సల్‌లో తప్పు బయటపడింది. సైగల భాషలో మనుషులకూ పక్షాలకూ గాలిలో చోటు కేటాయిస్తారు. ఒకసారి కుడివైపు ఎవరో, ఎడమవైపు ఎవరో చూపితే, తర్వాత ఆ వైపు వేలు చూపినా చాలు, ఆ మనిషే అని అర్థం. అమ్మాయి ప్రసంగం మొదట్లో చదువుతూ పార్ట్‌టైమ్ పని చేసే విద్యార్థులను కుడివైపు, పని అవసరం లేని విద్యార్థులను ఎడమవైపు పెట్టింది. మూడో నిమిషంలో ఎదుటి పక్షం నిజంగా కుడివైపు కూర్చుని ఉండటంతో వారికి జవాబిస్తూ కుడివైపు వేలు చూపింది. ఇంటర్‌ప్రెటర్ గొంతులో అది ‘పని చేసే విద్యార్థులు హాజరు కావాలంటున్నారు’ అని వినిపించింది. వాదన తిరగబడింది. వింటున్న లెక్చరర్ ముఖం చిట్లించడం చూసి అమ్మాయి ఆగి, “అక్కా, ఏం చెప్పావు?” అని సైగ చేసింది. జరిగింది తెలిశాక తప్పెవరిదో వెతకలేదు. కుడివైపును ఎదుటి పక్షానికే వదిలేసి, విద్యార్థుల రెండు వర్గాలను ఎడమవైపే పైన ఒకటి, కింద ఒకటిగా పెట్టుకుంది. అనుమానం వచ్చిన చోట వేలు చూపడం మాని, పేరు మళ్లీ చూపాలని నియమం పెట్టుకుంది.

ఇంటర్‌ప్రెటర్‌కూ ఒక నియమం ఉంది. అమ్మాయి ‘నేను’ అంటే తానూ ‘నేను’ అనే చెప్పాలి, ‘ఆమె అంటోంది’ అనకూడదు. వాదన బలహీనంగా ఉన్నా బలం చేర్చకూడదు, తడబాటు ఉంటే తడబాటుతోనే చెప్పాలి. సైగ అర్థం కాకపోతే ఊహించి పూరించకుండా ఆపి అడగాలి. న్యాయనిర్ణేతలు మార్కులు వేయవలసింది అమ్మాయి వాదనకే, మైకులో వినిపించే గొంతుకు కాదు. అందుకే ఈ సంగతి వారికి ముందే రాసి ఇచ్చారు.

నాలుగో రోజు సమయం మీద గడిచింది. ఇంటర్‌ప్రెటర్ ఒక మాట విన్నాక భావం పట్టుకుని సైగ మొదలుపెట్టడానికి కొన్ని సెకన్లు పడుతుంది. వాక్యం చివర క్రియ వచ్చే తెలుగులో ఆ ఆలస్యం ఇంకాస్త పెరుగుతుంది, ఎందుకంటే ‘కావాలి’ అన్నారో ‘వద్దు’ అన్నారో చివరి మాట వరకు తేలదు. ఎదుటి వక్త ప్రశ్న వేసి కూర్చునే సరికి అమ్మాయికి ప్రశ్న సగమే అందుతుంది. అధ్యక్షుడు వెంటనే ‘సమాధానం లేదా?’ అంటే అది అన్యాయం. ఇంటర్‌ప్రెటర్ చేతులు కిందికి దించాకే ఆమె సమయం లెక్కించడం మొదలుపెట్టాలని ఒప్పుకున్నారు. ముగింపులోనూ అంతే. ఆమె చేతులు ఆగిన క్షణానికి గడియారం ఆపాలి, మైకులో గొంతు ఇంకా వినిపిస్తున్నా సరే. గంట ఆమెకు వినిపించదు కాబట్టి నాలుగో నిమిషంలో పసుపు అట్ట, ఐదో నిమిషంలో ఎర్ర అట్ట ఎత్తే విద్యార్థిని మొదటి వరుసలో కూర్చోబెట్టారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడకూడదన్న నిబంధనను అందరికీ చదివి వినిపించారు. ఒక జత చేతులు రెండు గొంతులను మోయలేవు. డిబేట్ గంటన్నర సాగుతుంది కాబట్టి ఆ రోజుకు రెండో ఇంటర్‌ప్రెటర్‌ను కూడా పిలిచారు. సుమారు ఇరవై నిమిషాలకోసారి మారకపోతే అలసటతో మాటలు జారిపోవడం మొదలవుతుంది.

ఇలాంటి ఏర్పాటు ఎవరి దయా కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రభుత్వ సాయం పొందే లేదా గుర్తింపు ఉన్న విద్యాసంస్థలు విద్యార్థి అవసరానికి తగిన సదుపాయం కల్పించాలంటుంది. సైగల భాష పరిశోధన, శిక్షణ కోసం న్యూఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఇంటర్‌ప్రెటర్లకు రెండేళ్ల డిప్లొమా నడుపుతోంది. 2023 సెప్టెంబరులో వినికిడి లేని న్యాయవాది సారా సన్నీ ఇంటర్‌ప్రెటర్ సాయంతో సుప్రీంకోర్టు ముందు హాజరయ్యారు. అక్కడ కుదిరినది కాలేజీ హాలులో కుదరకపోదు.

చివరి మధ్యాహ్నం అధ్యక్షుడి చేతికి ఒక కాగితం అందింది. అందులో ఉన్నవి నాలుగే: ఇంటర్‌ప్రెటర్ ఎక్కడ నిలబడాలి, గడియారం ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలి, అట్టలు ఎవరు ఎత్తాలి, ఒకసారికి ఒకరే మాట్లాడాలి. వినికిడి లేని విద్యార్థి ఉన్న ఏ కాలేజీ అయినా డిబేట్ పెట్టే ముందు ఈ నాలుగింటిని రాసి అధ్యక్షుడికి, న్యాయనిర్ణేతలకు ఇస్తే, పోటీ వాదనల మధ్యే జరుగుతుంది.